గూగుల్ డ్రైవ్ ట్రాష్: 30 రోజుల లోపల, ఆ తర్వాత

గూగుల్ డ్రైవ్‌ని నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఇంటి దస్తావేజుల స్కాన్‌లు, పిల్లల మార్కుల మెమోలు, బ్యాంకు కాగితాలు, ఆడిటర్‌కి పంపే ఎక్సెల్ షీట్లు అన్నీ అందులోనే. దానికి తోడు, మా బంధువుల్లో ఎవరి ఫైలు కనబడకపోయినా ఫోన్ నాకే వస్తుంది. అందుకే ఈ సమీక్ష డ్రైవ్ మొత్తం మీద కాదు, దాని చెత్తబుట్ట మీద. భాష సెట్టింగును బట్టి అది కొందరికి Trash అని, కొందరికి Bin అని కనిపిస్తుంది. రెండూ ఒకటే.

ముందు మంచి మాట. ట్రాష్‌లో ఉన్నంతవరకు ఫైలు తిరిగి తెచ్చుకోవడం చాలా తేలిక. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి Restore నొక్కితే, తీసేయకముందు ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడికే వెళ్లి కూర్చుంటుంది. ఆ ఫోల్డరే లేకపోతే My Drive లో వెతకాలి. జనం తికమకపడే చోటు ఒకటుంది. ఫోల్డర్ మొత్తాన్ని డిలీట్ చేస్తే ట్రాష్‌లో ఆ ఫోల్డర్ పేరు ఒక్కటే కనిపిస్తుంది, లోపలి ఫైళ్ల పేర్లు విడిగా వరస కట్టవు. దాన్ని తెరవబోతే ముందు రిస్టోర్ చేయమంటుంది. "నా ఫైలు ట్రాష్‌లో లేదు" అని చెప్పినవాళ్లలో చాలామంది విషయంలో నేను చూసింది ఇదే: ఫైలు ఉంది, ఫోల్డర్ కడుపులో ఉంది. ఫైలు పేరు గుర్తుంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిచి, సెర్చ్ పెట్టెలో `is:trashed` అని, పక్కన పేరులోని ఒక ముక్క టైప్ చేసి చూడొచ్చు.

పాత వాడకందారులకు ఇంకో చిక్కు. ఒకప్పుడు మనంతట మనం ఖాళీ చేసేదాకా ట్రాష్‌లో ఫైళ్లు అలాగే పడి ఉండేవి. 2020 అక్టోబర్ 13 నుంచి పద్ధతి మారింది. ట్రాష్‌లోకి వెళ్లిన ప్రతి ఫైలూ 30 రోజుల తర్వాత దానంతటదే పోతుంది. ఈ లెక్క ఫైలు ట్రాష్‌లో పడిన రోజు నుంచి మొదలవుతుంది, మనం చివరిసారి తెరిచిన రోజు నుంచి కాదు. ట్రాష్‌ని అటక లాగా వాడుకునే పాత అలవాటు ఉన్నవాళ్లు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నారు.

అయితే నా అనుభవంలో ఫైళ్లు శాశ్వతంగా పోయేది గడువు తీరి కాదు. ఉచిత ఖాతాలో జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపి 15 జీబీయే. అది నిండగానే మెయిళ్లు రావడం ఆగిపోతుందన్న హెచ్చరిక వస్తుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పెద్ద ఫైళ్లు వెతికి డిలీట్ చేస్తారు, అయినా స్టోరేజీ తగ్గదు. ఎందుకంటే ట్రాష్‌లో ఉన్నవి కూడా ఆ 15 జీబీ లెక్కలోకే వస్తాయి. దాంతో వెంటనే Empty trash నొక్కుతారు. 30 రోజుల రక్షణ ఆ ఒక్క నొక్కుతో ముగిసిపోతుంది.

మా బావగారి ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. మంగళగిరి దగ్గర స్థలం పంపకాల కోసం ఆయన తన ఖాతాలో ఒక ఫోల్డర్ పెట్టి, మా అందరికీ ఎడిట్ చేసే వీలిచ్చారు. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ కాపీ, పన్ను రసీదులు ఎవరి దగ్గరున్నవి వాళ్లం అందులో పెట్టాం. కొన్నాళ్లకు ఆయన స్టోరేజీ నిండింది. వాళ్ల అబ్బాయి సాయం చేస్తానని కూర్చుని, బరువుగా ఉన్న ఆ ఫోల్డర్‌ని తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేశాడు. బావగారు ఫోన్ చేసి, "అన్నీ పోయాయి, ఇక రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగాలి" అన్నారు. "ఫోల్డర్ మీదే గానీ, అందులో ఫైళ్లన్నీ మీవి కావు కదా బావగారూ" అన్నాను.

డ్రైవ్‌లో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఈ యజమాని లెక్క. My Drive లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఎవరు అప్‌లోడ్ చేస్తే ఆ ఫైలుకు వాళ్లే యజమాని. ఫోల్డర్ ఎవరిదన్న దానితో సంబంధం లేదు. ఫైలు ఆక్రమించే చోటు కూడా అప్‌లోడ్ చేసినవాళ్ల కోటాలోంచే పోతుంది. ఫైలును శాశ్వతంగా తీసేసే హక్కు యజమానికే ఉంటుంది. ఇంకొకరు ఫోల్డర్‌ని తీసేస్తే, అందులోని మన ఫైలు చావదు, నిలువ నీడ లేక మన ఖాతాలో ఎక్కడో తేలుతుంది. చాలాసార్లు My Drive మొదటి పేజీలోనే విడిగా పడి ఉంటుంది. అక్కడ కనబడకపోతే బ్రౌజర్‌లో ఈ మాట వెతకాలి:

```
is:unorganized owner:me
```

ఏ ఫోల్డర్‌లోనూ లేని మన సొంత ఫైళ్లన్నీ బయటికి వస్తాయి. నేను ఎక్కించిన లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ కాపీ నా ఖాతాలో దొరికాయి. మా ఆవిడ ఎక్కించిన పన్ను రసీదులు తన ఖాతాలో దొరికాయి. ఫోల్డర్ పేరు, లోపలి అమరిక మాత్రం లేవు, వాటిని కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. షేర్ చేసిన ఫోల్డర్‌లో ఏం జరిగిందో తెలియనప్పుడు, ఫోల్డర్ ఇంకా బతికి ఉంటే, వివరాల పలకలో Activity అనే చోట ఎవరు ఏది తీశారో తేదీతో సహా కనిపిస్తుంది. అల్లరి పెరగకముందే అది చూడటం మంచిది. సగం గొడవలు అక్కడే తేలిపోతాయి, కొన్ని అక్కడే మొదలవుతాయి కూడా.

మిగిలినవి బావగారు స్వయంగా ఎక్కించినవి: సేల్ డీడ్ స్కాన్, ఈసీ. ఆయనే యజమాని, ఆయన ఖాతాలోనే ట్రాష్ ఖాళీ అయింది. అందుకే ఇవి వేరే కథ. ఈసీకి పెద్దగా బాధపడక్కర్లేదు, రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర మళ్లీ తీసుకోవచ్చు. సేల్ డీడ్ స్కాన్ కోసం జీమెయిల్‌లో `has:attachment filename:pdf` అని వెతికించాను. అప్పట్లో లోన్ కోసం బ్యాంకుకు అటాచ్‌మెంట్‌గా పంపిన కాపీ Sent లో ఉంది. ఇక్కడ తేడా గమనించాలి. మెయిల్‌కి అటాచ్ చేసిన ఫైలు వేరే కాపీ, డ్రైవ్‌లో ఏం జరిగినా దానికి సంబంధం లేదు. డ్రైవ్ లింకు పంపి ఉంటే మాత్రం ఆ లింకు ఇప్పుడు ఎవరికీ తెరుచుకోదు. పెద్ద ఫైళ్లను జీమెయిల్ తనే డ్రైవ్ లింకుగా మార్చి పంపుతుంది. 25 ఎంబీ దాటితే అంతే. కాబట్టి పంపిన మెయిల్ ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు, తెరిచి చూడాలి.

ట్రాష్ దాటాక గూగుల్‌ని అడిగే దారి ఒకటి ఉంది. డ్రైవ్ హెల్ప్ పేజీలో, పోయిన ఫైలును తిరిగి తెమ్మని సపోర్టును అడిగే వీలుంటుంది. అది వ్యక్తిగత ఖాతాలకే. అడిగేవాళ్లు ఆ ఫైలును తయారు చేసినవాళ్లో, అప్‌లోడ్ చేసినవాళ్లో, యాజమాన్యం అందుకున్నవాళ్లో అయి ఉండాలి. అంటే బావగారి ఫైలు కోసం నా ఖాతాలోంచి అడిగి లాభం లేదు. వస్తుందన్న హామీ లేదు, ఎంత తొందరగా అడిగితే అంత మంచిది. మాకు మెయిల్‌లోనే కాపీ దొరికింది కాబట్టి ఆ దారిలో దిగలేదు. ఆఫీసు లేదా కాలేజీ ఇచ్చిన ఖాతా అయితే ఇలా గూగుల్‌ని అడిగే గొడవ లేదు. ట్రాష్ ఖాళీ చేసిన తర్వాత కూడా 25 రోజుల వరకు అక్కడి అడ్మిన్ తన కన్సోల్ నుంచి తిరిగి తేగలరు. ఐటీ వాళ్లకు మెయిల్ పెట్టడంలో మొహమాటపడకూడదు.

"డిలీట్ చేసినా సర్వర్‌లో ఉంటుందట కదా" అని అడుగుతుంటారు. కొంత నిజం. గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం, తీసేసిన డేటా వాడుకలో ఉన్న సిస్టమ్‌ల నుంచి పూర్తిగా పోవడానికి సుమారు 2 నెలలు పడుతుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌లలో 6 నెలల దాకా కూడా ఉండొచ్చు. కానీ ఆ బ్యాకప్‌లు వాళ్ల సిస్టమ్ కూలితే నిలబెట్టుకోవడానికే, మన ఒక్క ఫైలును వెతికి ఇవ్వడానికి కాదు. అక్కడ ఉన్నంత మాత్రాన మనకు అందదు.

హార్డ్ డిస్క్ రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఇక్కడ పనికిరావు. అవి మన డిస్క్‌లో ఇంకా చెరిగిపోని ముక్కలను ఏరుకొస్తాయి, క్లౌడ్ మన డిస్క్ కాదు. "డ్రైవ్ ఫైళ్లు వెనక్కి తెస్తాం" అని ఫోన్ నంబర్ ఇచ్చి, ఓటీపీ చెప్పమని, స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టమని అడిగేవాళ్లయితే మారుమాట లేకుండా కట్ చేయాలి.

కంప్యూటర్‌లో డ్రైవ్ యాప్ పెట్టుకుని అదే బ్యాకప్ అనుకునేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ యాప్ రెండు వైపులనూ ఒకేలా ఉంచుతుంది. అంటే అక్కడ డిలీట్ చేస్తే ఇక్కడా పోతుంది. ఇంకా, గూగుల్ డాక్స్‌లో రాసిన వాటికి కంప్యూటర్‌లో `.gdoc` అని కనిపించే ఫైలులో రాత ఉండదు, లింకు మాత్రమే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, క్లౌడ్‌లో అసలుది తీసేస్తే చేతిలో మిగిలేది ఖాళీ డబ్బా. డాక్స్‌ని Download లో వర్డ్ గానో పీడీఎఫ్ గానో దించుకుంటేనే అది కాపీ.

మిగతా సర్వీసులు ఇంచుమించు ఇంతే. వ్యక్తిగత వన్‌డ్రైవ్‌లో 30 రోజులు, అయితే రీసైకిల్ బిన్ నిండిపోతే పాతవి 3 రోజులకే పోవచ్చు. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో 30 రోజులు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోలకు 60 రోజులు. అదే కంపెనీ, అదే ఖాతా అయినా గడువు వేరు కావడం నాకు నచ్చదు. ఫోటోల గడువు గుర్తుపెట్టుకుని డాక్యుమెంట్లకూ అంతే ఉందనుకునేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు నేను చేసేది తక్కువే. ఇంటికి ముఖ్యమైన ఫైలు ఇంకొకరి ఖాతాలో ఉంటే, ఫైలు మీద Make a copy నొక్కి నా కాపీ చేసుకుంటాను. అప్పుడు యజమానిని నేనే, వాళ్లు ట్రాష్ ఖాళీ చేసుకున్నా నాకేమీ కాదు. గూగుల్ టేక్అవుట్‌లో 2 నెలలకోసారి చొప్పున ఏడాది పాటు డేటాను తనే మూటగట్టే ఏర్పాటు ఉంది. అది పెట్టి, లింకు వచ్చినప్పుడల్లా బయటి హార్డ్ డిస్క్‌లోకి దించుకుంటున్నాను. లింకుకూ గడువు ఉంటుంది కాబట్టి మెయిల్‌ని పక్కన పడేయకూడదు.

డబ్బులు కట్టి 100 జీబీ తీసుకోమంటారా అని బావగారు అడిగారు. తీసుకోమన్నాను. స్టోరేజీ నిండక Empty trash జోలికి వెళ్లే అవసరం తగ్గుతుంది. ట్రాష్ గడువు మాత్రం డబ్బు కట్టినా 30 రోజులేనని కూడా చెప్పాను.