ఫోటో చూసి టాన్ పోగొడతామనే కిట్లు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఎండలు ముదరగానే ఫోన్ నిండా ఒకే రకం ప్రకటనలు. "ముఖం, చేతుల ఫోటోలు పంపండి, మా స్కిన్ ఎక్స్‌పర్ట్ చూసి మీకు సరిపోయే డీటాన్ కిట్ పంపిస్తారు" అని. మా చెల్లెలు అలాంటి ఒక పేజీలో 1,899 రూపాయలు కట్టి కిట్ తెప్పించుకుంది. నలుపు పోలేదు సరికదా, ఇప్పుడు ముఖానికి స్కిన్ డాక్టర్ దగ్గర మందులు వాడుతోంది. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి పేరుకంటే పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

చెల్లెలు గుంటూరులో టీచర్. రోజూ స్కూటీ మీదే స్కూలుకి వెళ్తుంది, ముఖానికి చున్నీ కట్టుకుంటుంది. తను పంపిన ఫోటోలు నేనూ చూశాను. చేతుల మీద నలుపు కుర్తీ చేతి అంచు దగ్గర మొదలై వేళ్ళ కణుపుల దాకా ఉంది, ఎడమ మణికట్టు మీద వాచీ బెల్టు ఉండే చోట మాత్రం లేత రంగు పట్టీ. ముఖం మీద కథ వేరు. రెండు బుగ్గల మీదా ఒకేలా, అంచులు చెదిరిన గోధుమరంగు మచ్చలు, పై పెదవి మీద కొంచెం. అవతలివాళ్ళు అన్నిటినీ కలిపి "సివియర్ టాన్, ఏడు రోజుల్లో క్లియర్" అని జవాబిచ్చారు.

అసలు మోసం ఇక్కడే మొదలైంది. ఎండకు వచ్చిన టాన్‌కి గీత ఉంటుంది. వాచీ, గాజులు, చొక్కా చేయి, చెప్పు పట్టీ ఏది అడ్డం ఉందో దాని ఆకారమే చర్మం మీద పడుతుంది. గడ్డం కింద, చెవుల వెనక లాంటి నీడ పడే చోట్ల తక్కువగా ఉంటుంది. చెల్లెలి చేతుల మీద ఉన్నది అదే. బుగ్గల మీద ఉన్నది మంగు. దాన్ని ఎండ పెంచుతుంది, కానీ దాని వెనక హార్మోన్లు, గర్భం, ఇంట్లోవాళ్ళకి ఉండటం లాంటి కారణాలూ ఉంటాయి. టాన్ లాగా ఎండ తగ్గించగానే దానంతటదే పోదు. ఇక మెడ వెనక, చంకల్లో మందంగా, ముట్టుకుంటే మెత్తని ముఖమల్ గుడ్డలా ఉండే నలుపు రెండూ కాదు. అది చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని చెప్పే గుర్తు, దానికి షుగర్ పరీక్ష కావాలి. ఈ మూడింటికీ ఒకే డబ్బా అమ్మేవాళ్ళు ఫోటో చూసినట్టే కాదు.

వాళ్ళు నమ్మకం కోసం పంపే "ముందు, తర్వాత" ఫోటోలు కూడా జాగ్రత్తగా చూడండి. చెల్లెలికి పంపినవాటిలో ఒక చేయి ఉంది. మొదటి ఫోటోలో నల్లగా, రెండోదాంట్లో తెల్లగా. కానీ వెనకున్న గోడ కూడా మొదటిదాంట్లో పసుపు, రెండోదాంట్లో తెలుపు. ఆ చేతి మీద కూడా వాచీ కింది పట్టీ మొదటి ఫోటోలోనే లేతగా ఉంది, అది కూడా రెండో ఫోటోలో అంతే మోతాదులో తెల్లబడింది. గీత మాత్రం అలాగే, అంతే పదునుగా ఉంది! టాన్ నిజంగా తగ్గితే ముందు ఆ గీత మసకబారాలి, దానికి అటూ ఇటూ ఉన్న రంగుల తేడా తగ్గాలి. మొత్తం ఒకేసారి తెల్లబడిందంటే మారింది లైటు, చర్మం కాదు.

మీ చర్మం సంగతి మీరే చూసుకోవాలంటే ఫోన్‌లో బ్యూటీ మోడ్, ఫ్లాష్ రెండూ ఆపండి. ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయంలో, వెనక కెమెరాతో తీయండి. పక్కన తెల్ల కాగితం పెడితే రెండు ఫోటోల్లో కాగితం ఒకేలా ఉందో లేదో తెలిసిపోతుంది. మోచేతి పైన లోపలివైపు, ఎండ తగలని చర్మమే మీ అసలు రంగు. దానితో పోల్చుకోండి. ఎండ నుంచి కాపాడుకుంటే టాన్ వారాల నుంచి నెలల్లో మెల్లగా తగ్గుతుంది. ఏడు రోజుల మాట ఎవరు చెప్పినా అక్కడే ఆగిపోండి.

కిట్‌లో ఫేస్‌వాష్, సబ్బు, లేబుల్ లేని ఒక చిన్న డబ్బాలో "నైట్ క్రీమ్" వచ్చాయి. ఆ క్రీమ్ రాసిన కొద్ది రోజులకే ముఖం తెల్లగా, నున్నగా అయింది, చెల్లెలు సంతోషపడింది. తర్వాత క్రీమ్ అయిపోగానే ముఖం ఎర్రగా కందిపోయి మంట, దురద, బుగ్గల మీద చిన్న చిన్న పొక్కులు. ఎండలోకి వెళ్తే భగ్గుమనేది. డాక్టర్ చూసి అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుందన్నారు. స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను కుదిస్తుంది, అందుకే మొదట్లో తెల్లగా కనిపిస్తుంది. వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు కనిపిస్తే అవి స్టెరాయిడ్లే, డాక్టర్ చీటీ లేకుండా ముఖానికి రాయకూడదు. హైడ్రోక్వినోన్ కూడా డాక్టర్ చూస్తూ ఉండగా కొంతకాలం మాత్రమే వాడే మందు.

డబ్బా మీద తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రస్, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, లోపల ఏమేం ఉన్నాయో వరస, ఇవన్నీ ఉండాలి. చెల్లెలి డబ్బా మీద ఒక పూల బొమ్మ, "హెర్బల్" అనే మాట తప్ప ఏమీ లేవు. కిట్‌తో వచ్చిన కాగితంలో పగలు నిమ్మరసం రాసుకోమని కూడా ఉంది. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చలు రావచ్చు.

ఇప్పుడు డాక్టర్ చెప్పినట్టు చేస్తున్నది చాలా మామూలుది. బండి మీద పొడుగు కాటన్ గ్లౌజులు, చున్నీ, అద్దం ఉన్న హెల్మెట్. చేతులకి గుడ్డ అడ్డం ఉంటే క్రీమ్ కంటే నమ్మకం. ముఖానికి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్, డబ్బా మీద పీఏ+++ గుర్తు ఉన్నది. ఎస్‌పీఎఫ్ ముఖ్యంగా చర్మాన్ని కాల్చే కిరణాల లెక్క, నల్లబరిచే యూవీఏ సంగతి చెప్పేది పీఏ. చూపుడువేలు, మధ్యవేలు రెండిటి పొడవునా గీత పెడితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చాలామంది శనగగింజంత రాసి పని చేయలేదంటారు. ఉదయం రాసింది సాయంత్రందాకా నిలవదు, మధ్యాహ్నం బయటికి వచ్చే ముందు మళ్ళీ రాయాలి. మంగు ఉన్నవాళ్ళకి వెలుతురు కూడా పడదు, వాళ్ళకి ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ మేలు. కార్లో తిరిగేవాళ్ళూ పక్క అద్దాన్ని నమ్మొద్దు, యూవీఏ మామూలు అద్దంలోంచి వస్తుంది. మనవైపు డ్రైవింగ్ చేసేవాళ్ళకి కుడి చేయి, కుడి చెంప ఎక్కువ నల్లబడేది అందుకే.

ఇలాంటి క్రీమ్ ఇప్పటికే రాస్తున్నవాళ్ళు కంగారుపడి వేరే క్రీమ్ కొనకండి. డబ్బా పారేయకుండా అలాగే స్కిన్ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి, ఆపాలా, మెల్లగా తగ్గించాలా అనేది ఆయన చూసి చెబుతారు. డబ్బు కట్టిన రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకుని 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి. చాట్ వాళ్ళు డిలీట్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, మా చెల్లెలితో మాట్లాడిన నంబర్ ఫిర్యాదు మాట ఎత్తగానే అన్నీ తుడిచేసి బ్లాక్ చేసింది.