ఫొటోలో చేతికి పచ్చబొట్టు: ఫొటోషాప్ Blend If చాలాకాలం వాడాక

పోస్టర్ డిజైనింగ్‌లో మాకు తరచూ వచ్చే పని ఒకటుంది. ఫొటోషూట్ నాటికి హీరో పాత్రకు ఏ టాటూ ఉండాలో ఖరారు కాదు. షూటింగ్ మొదలయ్యాక దర్శకుడు డిజైన్ ఓకే చేస్తారు. అప్పుడు పాత స్టిల్స్‌లోని ఖాళీ చేతి మీద ఆ టాటూ మేం పెట్టాలి. దీనికి ఫొటోషాప్‌లో దారులు చాలా ఉన్నా, నేను మనసారా ఇష్టపడేది మాత్రం ఒక్కటే: లేయర్ స్టైల్ విండోలో అడుగున ఉండే Blend If. లేయర్లు, మాస్కులు, Smart Object గురించి ఇది చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

అంత ఇష్టం ఎందుకంటే, చర్మం మీద నిజంగా జరిగేదాన్ని అది దాదాపు అలాగే చేసి చూపిస్తుంది. టాటూ సిరా చర్మం పైన ఉండదు. పై పొర కింద, రెండో పొరలో ఉంటుంది. చెమట వల్లో నూనె వల్లో వచ్చే మెరుపు మాత్రం పై పొర మీదే పుడుతుంది. అంటే మెరుపు ఎప్పుడూ సిరాకు పైనే కనిపించాలి. మనం టాటూ లేయర్‌ను Multiply లో పెడతాం. చర్మం రంగు, నీడలు సిరాలోంచి కనిపించడానికి అది సరైనదే. కానీ Multiply కి చర్మం రంగూ మెరుపూ వేరని తెలియదు, రెండింటినీ ఒకేలా నల్లబరుస్తుంది. ముంజేతి పొడవునా సాగిన మెరుపు గీత సరిగ్గా టాటూ దగ్గర ఆగిపోయి, అవతల మళ్లీ మొదలైతే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా స్టిక్కర్ అంటించినట్టు అనిపిస్తుంది.

Blend If లో Underlying Layer కింద తెల్ల త్రికోణం ఉంటుంది. దాన్ని Alt నొక్కి లాగితే రెండుగా చీలుతుంది. ఎడమ ముక్కను 200 దగ్గర, కుడి ముక్కను 245 దగ్గర పెట్టానంటే, కింద ఉన్న చర్మం 200 కంటే తక్కువ వెలుగున్న చోట సిరా పూర్తిగా ఉంటుంది, 245 దాటితే పూర్తిగా పోతుంది, మధ్యలో మెల్లగా పలచబడుతుంది. మెరుపు మళ్లీ పైకి వస్తుంది. మాస్క్ గీయనక్కర్లేదు, బ్రష్ పట్టనక్కర్లేదు. మొదట్లో ఇది చూసి మా ఆఫీసులో అందరినీ పిలిచి చూపించాను. ఇది ఒక్కటి చాలు అని కూడా చెప్పాను.

వంపు విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ Warp తప్ప వేరే దారి నాకు నచ్చలేదు. ముంజేయి గుండ్రంగా ఉంటుంది కాబట్టి డిజైన్ అంచులకు వెళ్లేకొద్దీ ఇరుకుగా కనిపించాలి. మనవైపు నుంచి 60 డిగ్రీలు పక్కకు తిరిగిన చోట సెంటీమీటరు వెడల్పు అర సెంటీమీటరుగానే కనిపిస్తుంది. చాలామంది మొత్తం డిజైన్‌ను కనిపించే చేతిలో ఇరికిస్తారు. అలా కాకుండా ఒక పక్క చేతి అంచు దాటి అవతలికి వెళ్లిపోవాలి, అక్కడ కత్తిరించేయాలి. ఇంకోటి, అరచేయి కిందికి తిప్పినప్పుడు మణికట్టు దగ్గర చర్మం ఎక్కువ తిరుగుతుంది, మోచేయి దగ్గర దాదాపు కదలదు. కాబట్టి నిలువుగా వేసిన డిజైన్ ఆ భంగిమలో కాస్త మెలితిరిగి ఉండాలి. Warp గ్రిడ్‌లో మణికట్టు వైపు గీతను మాత్రమే పక్కకు జరిపితే అది వస్తుంది.

ఇప్పుడు అసలు కథ. ఒక గ్రామీణ కథాచిత్రానికి పోస్టర్ చేస్తున్నాం. హీరో వేపచెట్టు కింద ట్రాక్టర్‌కు ఆనుకుని నిలబడ్డాడు, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. ముంజేతి మీద 'అమ్మ' అని పచ్చబొట్టు పెట్టాలి. చిన్నప్పుడు జాతరలో పొడిపించుకున్నాడన్నది కథ, కాబట్టి అది బాగా పాతబడి ఉండాలి. వంపు తేలిగ్గానే కుదిరింది. Multiply పెట్టాను, ఎప్పటిలాగే Blend If లాగాను, మెరుపు నిండుగా వచ్చేదాకా ముక్కల్ని 200 కంటే ఇంకా ఎడమకు జరిపాను. మెరుపు చక్కగా వచ్చింది. తీరా చూస్తే 'మ' కింది ఒత్తు లేదు.

ఆకుల మధ్య నుంచి ఎండ చేతి మీద మచ్చలు మచ్చలుగా పడింది. సరిగ్గా ఒత్తు ఉన్న చోట ఒక ఎండ మచ్చ ఉంది. అక్కడ చర్మం బాగా వెలుగ్గా ఉంది కాబట్టి Blend If దాన్ని మెరుపు అనుకుని సిరాను లేపేసింది. అది చూసేది వెలుగు ఎంత అన్నదే. ఆ వెలుగు ఎండ వల్ల వచ్చిందా, చెమట వల్ల వచ్చిందా అన్నది దానికి పట్టదు. నిజానికి ఎండ పడితే సిరా మాయం కాదు, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. త్రికోణాన్ని కుడికి జరిపితే ఒత్తు వచ్చింది, చెమట మెరుపు పోయింది. ఎడమకు జరిపితే మెరుపు వచ్చింది, ఒత్తుతో పాటు 'మ' తలకట్టు కూడా పోయింది. ఫైల్ చూసిన దర్శకుడు అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఏంటి బాబూ, అమ్మలో ఒత్తు మింగేశావ్?"

మాస్క్ వేసి చేత్తో దిద్దొచ్చు. కానీ అదే సెట్టింగ్‌లో తీసిన స్టిల్స్ ఇంకా ఉన్నాయి, ఒక్కోదానిలో ఎండ మచ్చలు ఒక్కో చోట. అప్పుడు కారణం వెతుకుతూ కర్సర్ పెట్టి Info ప్యానెల్‌లో అంకెలు చూశాను. ఎండ పడిన చర్మం దగ్గర ఎరుపు 235, ఆకుపచ్చ 180, నీలం 140. చెమట మెరుపు దగ్గర 250, 240, 235. మామూలుగా మనం వాడే Gray లో ఇవి దాదాపు 192, 242 అవుతాయి. తేడా 50 మాత్రమే. అదే ఒక్క నీలం చానెల్లో చూస్తే 140, 235. తేడా 95.

ఇందులో వింతేమీ లేదు. మెరుపు అంటే వెలుతురు చర్మం లోపలికి వెళ్లకుండా పైనుంచే తిరిగి రావడం, అందుకే అది వెలుతురు రంగులోనే, తెల్లగా ఉంటుంది. ఎండ పడిన చర్మం ఎంత వెలిగినా దాని వెలుతురు లోపలికి వెళ్లి తిరిగొచ్చిందే, అందులో నీలం బాగా తగ్గిపోతుంది. మన గోధుమ, చామనఛాయ చర్మాల్లో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. Blend If పక్కన ఉండే Gray అన్న చిన్న మెనూ తెరిచి Blue ఎంచుకున్నాను. త్రికోణం ముక్కలు 170, 225 దగ్గర పెట్టాను. ఒత్తు తిరిగి వచ్చింది, ఎండ మచ్చలో నిండుగా నిలబడింది. దాని పక్కనే చెమట బిందువు అంచున మెరుపు సిరా మీదుగా సాగింది. మిగతా స్టిల్స్‌లో కూడా అవే అంకెలు కొద్ది మార్పుతో పనిచేశాయి. ఇన్నాళ్లూ ఆ మెనూ నా కళ్ల ముందే ఉంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు కలిగిన సంతోషాల్లో ఇది పెద్దది, అందుకే ఈ సమీక్ష.

పాతబడినట్టు చూపించడంలో కూడా ఇదే పోస్టర్ నాకు చాలా నేర్పింది. డిజైన్ ఫైల్ పూర్తి నలుపులో వస్తుంది. Multiply లో సున్నాను దేనితో గుణించినా సున్నాయే, కాబట్టి అక్కడ చేతి మీది వెలుగునీడలన్నీ చచ్చిపోయి రంధ్రం పడినట్టు ఉంటుంది. Levels లో అడుగున ఉండే Output నలుపును 60 దాకా లేపితే, 200 వెలుగున్న చర్మం మీద సిరా 47 అవుతుంది, 90 వెలుగున్న నీడ మీద 21 అవుతుంది. అంటే వెలుగూ నీడా సిరాలోంచి మళ్లీ కనిపిస్తాయి, ఫొటోలోని గ్రెయిన్ కూడా కాస్త బతుకుతుంది. రంగు కోసం మా అమ్మమ్మ ముంజేతి పచ్చబొట్టును నీడలో ఫొటో తీసి చూశాను. నలుపు ఎక్కడా లేదు, నీలం ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు ఉంది. గీతలు లావెక్కి, గీత నడుమ ముదురుగా, అంచుల్లో పలచగా ఉన్నాయి. అందుకని ముందు గీతను కొంచెం లావు చేసి, ఆ తర్వాత Gaussian Blur ఒక పిక్సెల్ లోపు ఇస్తాను. బ్లర్ ఒక్కటే ఇస్తే పాతబడినట్టు ఉండదు, ఫోకస్ తప్పినట్టు ఉంటుంది. పక్కనే ఉన్న వెంట్రుకలు పదునుగా కనిపిస్తుంటే ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

Blue గురించి అంత గొప్పగా చెప్పాను కాబట్టి అది ఎక్కడ తడబడుతుందో కూడా చెప్పాలి. పసుపు బల్బుల కింద, దీపాల వెలుగులో తీసిన స్టిల్స్‌లో మెరుపే పసుపు రంగులో ఉంటుంది, దానిలో నీలం తక్కువ. అక్కడ తేడా కరిగిపోతుంది, నేను మళ్లీ Gray కే వెళ్లి మాస్క్ వేసుకుంటాను. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో ఇంకో చిక్కు. జేపెగ్ కుదింపులో రంగు వివరాలు ముందు పోతాయి, నీలం చానెల్ గళ్లు గళ్లుగా తయారవుతుంది, సిరా అంచులు ఆ గళ్ల వెంబడి చినుగుతాయి. నీలం చానెల్ ఒక్కటే తెరిచి 100 శాతం జూమ్‌లో చూస్తే ముందే తెలుస్తుంది. ఇక ఇదంతా ఆర్‌జీబీలో ఉన్నంతసేపే. ప్రింటింగ్ కోసం సీఎంవైకేకి మార్చే ముందు లేయర్లను కలిపేయాలి, లేదంటే చానెళ్లు మారిపోయి సెట్టింగ్ అర్థం లేనిదవుతుంది.

Displace ఫిల్టర్ గురించి అందరూ అడుగుతారు. చేతి ఫొటోనే మ్యాప్‌గా ఇస్తే సిరా చర్మం గరుకును అనుసరిస్తుందంటారు. అదీ వెలుగు ఒక్కటే చూస్తుంది. 128 బూడిద దగ్గర కదలదు, అంతకంటే వెలుగైతే ఒకవైపు, చీకటైతే ఇంకోవైపు జరుపుతుంది. వేపచెట్టు ఫొటోలో ఆకు నీడ అంచు దగ్గర అక్షరం విరిగినట్టు అయింది. మ్యాప్‌కు ముందు High Pass వేస్తే పెద్ద వెలుగునీడలు 128 చుట్టూ చదునవుతాయి, అయినా నీడ అంచులు మిగులుతాయి. నరాలు తేలిన చేతికి, పక్క వెలుగులో, స్కేల్ 3 నుంచి 5 మధ్య పెట్టి వాడతాను. మిగతా చోట్ల వాడను.

నా పరిస్థితి వేరని గుర్తుంచుకోండి. నాకు వచ్చేవి స్టిల్ ఫొటోగ్రాఫర్ రా ఫైళ్లు, ఎక్కువగా పగటి వెలుగు, ఎక్కువగా మన ఛాయ చర్మాలు. సబ్‌స్క్రిప్షన్ ఆఫీసు కడుతుంది. ఇలాంటి ఫైళ్లతో పోస్టర్లు చేసేవాళ్లకు Blend If ను Blue తో మొదలుపెట్టమని ధైర్యంగా చెబుతాను. టాటూ షాపులో కస్టమర్ ఫోన్ ఫొటో మీద అప్పటికప్పుడు డిజైన్ చూపించే పనికైతే మంచి Warp, Multiply, లేపిన నలుపు సరిపోతాయి. బాగా తెల్లటి చర్మం, ఫ్లాష్ ఫొటో అయితే చర్మంలోనే నీలం ఎక్కువ ఉంటుంది కాబట్టి నా 170, 225 అంకెలు అక్కడ పనికిరావు, Info ప్యానెల్‌లో మీ అంకెలు మీరు చూసుకోవాలి.