ఆక్సిజన్ ట్రిమ్ బర్నర్‌తో ఆరేళ్లు: ఆ 3 శాతాన్ని ఎందుకు మిగల్చాలి

మాది పాల డైరీ. గంటకు 3 టన్నుల ఆవిరినిచ్చే ఫైర్‌ట్యూబ్ బాయిలర్ ఉంది, పైపు గ్యాస్‌తో నడుస్తుంది. ఆరేళ్ల కిందట దాని పాత బర్నర్ తీసేసి, గాలికొక సర్వో మోటార్, గ్యాస్‌కొక సర్వో మోటార్ ఉన్న కొత్త బర్నర్ పెట్టాం. పొగగొట్టంలో ఆక్సిజన్ ప్రోబ్ కూడా బిగించాం. దాని రీడింగును బట్టి గాలిని సవరించే ఏర్పాటునే ట్రిమ్ అంటారు. కొనే ముందు ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులు ఇవి.

పాత బర్నర్‌కు ఒకే మోటార్. దాని షాఫ్ట్ నుంచి ఒక కడ్డీ గాలి డాంపర్‌కు, ఇంకో కడ్డీ గ్యాస్ వాల్వ్‌కు వెళ్లేవి. కొత్తలో బాగానే ఉండేది. పిన్నులు అరిగాక కడ్డీలు వదులై ఆట మొదలైంది. అదే సగం మంట దగ్గర, పైకి వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ మూడున్నర చూపిస్తే, కిందికి దిగుతున్నప్పుడు ఐదు దాటేది. సర్వీసుకు వచ్చినతను ఈ ఆటకు భయపడి గాలి మరికాస్త తెరిచి వెళ్లేవాడు. ఏడాదికొకసారి ఇలా తెరుస్తూ పోతే, పొగలో ఆక్సిజన్ 6 శాతం దగ్గర స్థిరపడింది. అంటే మంటకు కావలసిన దానికంటే 36 శాతం ఎక్కువ గాలిని వేడి చేసి పొగగొట్టంలోకి వదులుతున్నామన్నమాట.

కొత్త బర్నర్ సెట్టింగు రోజున నేను ఆత్రపడ్డాను. ఆక్సిజన్‌ను చేతి ఎనలైజర్‌లో 3 దగ్గర ఆపేశాడు టెక్నీషియన్. "ఒకటికి తేవచ్చు కదా, గ్యాస్ ఇంకా మిగులుతుంది" అన్నాను. "సార్, మే నెలలో నన్ను మళ్లీ పిలుస్తారు" అన్నాడు, నవ్వుతూ.

లెక్క వేసి చూస్తే అతని మాటే నిజం. ఒక ఘనమీటరు గ్యాస్ కాలడానికి సుమారు తొమ్మిదిన్నర ఘనమీటర్ల గాలి కావాలి. దానికి 15 శాతం అదనంగా ఇస్తే పొగలో ఆక్సిజన్ 3 శాతం తేలుతుంది. మా పొగ సుమారు 180 డిగ్రీలు. ఆ వేడి దగ్గర, గాలి ఇంకో 5 శాతం పెంచితే పోయే నష్టం గ్యాస్‌లో పావు శాతమే. అదే గాలి అవసరానికి 5 శాతం తక్కువైతే, కాలకుండా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ రూపంలో వెళ్లిపోయే వేడి ఆరు శాతం దాకా ఉంటుంది. తప్పు ఎటు జరిగినా అంతే అనుకుంటే పొరపాటు. పైగా ఎక్కువ గాలి వల్ల డబ్బు పోతుందంతే, తక్కువ గాలి వల్ల కాలని గ్యాస్ లోపల పేరుకుంటుంది, దానికి హఠాత్తుగా గాలి తగిలితే పేలుతుంది. అందుకే అదనపు గాలిని కావాలనే కొంచెం మిగులుస్తారు.

ఆ కొంచెం ఎంత అన్నది ఎండ కూడా నిర్ణయిస్తుంది. డాంపర్ ఎంత తెరుచుకుందో అంత ఘనపరిమాణం గాలి వస్తుంది కానీ, మంటకు కావాల్సింది గాలి బరువు. మా బాయిలర్ గదిలో చలికాలం తెల్లవారుజామున 18 డిగ్రీలుంటుంది, మే మధ్యాహ్నం 45 దాటుతుంది. వేడెక్కిన గాలి పలచబడి, అదే తెరుపుకు ఎనిమిదిన్నర శాతం తక్కువ బరువు వస్తుంది. చలికాలంలో 10 శాతం అదనంతో సెట్ చేసి వదిలేస్తే, మే మధ్యాహ్నానికి ఆ అదనం దాదాపు సున్నా. 15 శాతంతో సెట్ చేస్తే 5 శాతమైనా మిగులుతుంది. టెక్నీషియన్ నవ్వు అందుకు.

మరి ట్రిమ్ ఉంది కదా, అది చూసుకోదా? చూసుకుంటుంది. ప్రోబ్ రీడింగు చూసి డాంపర్‌ను కొద్దికొద్దిగా సవరిస్తుంది. కానీ పొగ ప్రోబ్ దాకా రావాలి, ప్రోబ్ స్పందించాలి, ఆ తర్వాతే సవరణ. పాశ్చరైజర్ ఒక్కసారిగా ఆవిరి లాగినప్పుడు మంట కొన్ని సెకన్లలోనే పెరుగుతుంది, ట్రిమ్ అంత వేగంగా రాలేదు. ఆ సమయంలో కాపాడేది, ఏ మంటకు ఎంత గాలి, ఎంత గ్యాస్ అని సెట్టింగు రోజున కంట్రోలర్‌లో ఎక్కించిన అసలు పట్టిక. మంట పెరిగేటప్పుడు ముందు గాలి తెరుచుకుని తర్వాత గ్యాస్ వస్తుంది, తగ్గేటప్పుడు ముందు గ్యాస్ మూసుకుని తర్వాత గాలి తగ్గుతుంది. ఈ వరస సరిగ్గా ఉందో లేదో సెట్టింగు రోజున మంటను గబగబా పెంచి, దించి చూడండి. మెల్లగా నడిపి చూపించి సంతకం తీసుకునేవాళ్లున్నారు.

చిన్న మంట దగ్గర ఇంకొకటి. అక్కడ మాకు 5 నుంచి 6 శాతం ఆక్సిజన్ ఉంచారు, నేను గొడవపడ్డాను. తర్వాత అర్థమైంది. ఫ్యాను గాలి నెమ్మదిగా వచ్చినప్పుడు అది గ్యాస్‌తో సరిగా కలవదు. కాగితం మీద లెక్క సరిపోయినా ఒకచోట గ్యాస్ ఎక్కువ, ఇంకోచోట గాలి ఎక్కువ అవుతుంది. ఒక రోజు టెక్నీషియన్ నా ఎదుటే గాలి తగ్గించి చూపించాడు. ఆక్సిజన్ 4 దాటి దిగగానే కార్బన్ మోనాక్సైడ్ 30 పీపీఎం నుంచి మూడొందలకు ఎక్కింది. ఇక నోరు మూసుకున్నాను.

ఆరేళ్లలో పెద్ద ఇబ్బంది ఒక్కటే వచ్చింది. నాలుగో ఏడాది, ప్యానెల్ మీద ఆక్సిజన్ ఎప్పటిలాగే నిలకడగా ఉంది. కానీ మా పాత ఆపరేటర్ చూసే అద్దంలోంచి మంటను చూసి, "సార్, మంట బద్ధకంగా ఉంది, పొడుగైంది, కొసలు పసుపు తిరిగినయ్" అన్నాడు. చేతి ఎనలైజర్‌ను బాయిలర్ మూతి దగ్గరే, పొగ వేడితో బాయిలర్ నీటిని వేడిచేసే ఎకనమైజర్ కంటే ముందు పెట్టి చూశాం. ఆక్సిజన్ 1.1, కార్బన్ మోనాక్సైడ్ వెయ్యి దాటింది. కారణం ఎకనమైజర్ తలుపు గాస్కెట్. అది చిరిగింది. అక్కడ పొగగొట్టం లాగుడుకు బయటి గాలి లోపలికి దూరి ప్రోబ్ దాకా చేరుతోంది. ప్రోబ్ దాన్నీ మంట మిగిల్చిన గాలే అనుకుని ట్రిమ్‌కు చెబితే, ట్రిమ్ నమ్మకంగా డాంపర్ మూస్తూ పోయింది. ముందు మంటను కిందికి దించి, ఆ తర్వాత ట్రిమ్ ఆపి, పట్టిక మీదే నడిపించాం. అలాంటప్పుడు గాలిని హఠాత్తుగా తెరవకూడదు, గ్యాసే ముందు తగ్గాలి. గాస్కెట్ మార్చాక, ట్రిమ్ ఎంత దాకా సవరించవచ్చో ఆ హద్దును 5 శాతానికి కుదించాం. మొదటి రోజే అలా పెట్టి ఉండాల్సింది.

గ్యాస్ మిగులు విషయానికొస్తే, అమ్మినవాళ్లు కాగితం మీద 5 శాతం అని రాసిచ్చారు. మా మీటరు లెక్కలో ఒకటిన్నర లోపే తేలింది. 6 నుంచి 3కు దిగితే మా పొగ వేడికి వచ్చేది ఇంచుమించు అంతే, కాబట్టి బర్నర్ మీద నాకు కోపం లేదు, ఆ కాగితం రాసినవాళ్ల మీదే ఉంది. పొగ ఇంకా వేడిగా ఉన్న బాయిలర్లకు ఎక్కువే వస్తుంది. రోజుకు ఏడెనిమిది గంటలే నడిపేవాళ్లు ట్రిమ్ జోలికి పోకుండా రెండు సర్వోల బర్నర్ మాత్రం తీసుకున్నా చాలు, అరిగే కడ్డీల బాధ పోతుంది.

కొత్తగా చేరిన ప్రతి ఆపరేటరూ మొదటి వారంలో ఒకే అనుమానంతో వస్తాడు. ప్యానెల్ 2.5 అంటోంది, చేతి ఎనలైజర్ 3 అంటోంది, ఏది తప్పు అని. రెండూ ఒప్పే. ప్రోబ్ వేడి పొగలోనే ఉండి నీటి ఆవిరితో సహా కొలుస్తుంది. చేతిది పొగను చల్లార్చి నీటిని తీసేశాక కొలుస్తుంది. ఆ రెండు అంకెలనూ ప్యానెల్ తలుపు మీద పక్కపక్కన పెయింటుతో రాయించాం.