ముద్దపప్పు అన్నం వెళ్లిన దారి: ఏ మజిలీ ఎలా ఉంది?

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు నెయ్యి వేసుకుని ముద్దపప్పు అన్నం తిన్నాను. పక్కన ఉడికించిన మొక్కజొన్న గింజలు. అవి ఎందుకో తర్వాత చెప్తాను. సోమవారం మా ఏడో తరగతికి జీర్ణవ్యవస్థ పాఠం ఉంది. ఆ ముద్ద వెళ్లిన దారినే యాత్రలా రాస్తున్నాను.

మొదటి మజిలీ నోరు. బస నిమిషం కూడా ఉండదు గానీ సర్వీసు బాగుంటుంది. పళ్లు నలుపుతాయి, లాలాజలం తడుపుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం మొదలుపెడుతుంది. ఉత్త మెతుకుల్ని కాసేపు నమిలి చూడండి, తియ్యగా తగులుతుంది. గబగబా మింగేవాళ్లకు ఈ మజిలీ దండగ.

గొంతు దగ్గర కాస్త టెన్షన్. ఊపిరి దారి, అన్నం దారి ఇక్కడే విడిపోతాయి. మింగేటప్పుడు శ్వాసనాళం మీద చిన్న మూత వాలాలి. తింటూ మాట్లాడబోయాను, మూత సమయానికి పడలేదు, పొలమారింది. మా అమ్మ నెత్తిమీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంది. దారి తప్పిన మెతుకును బయటికి తోసింది మాత్రం దగ్గే.

ఆహారవాహిక 25 సెంటీమీటర్లే. గోడల కండరాలు వెనకనుంచి నొక్కుతూ పది సెకన్లలో దాటించేస్తాయి.

జీర్ణాశయంలో బస మూడు నాలుగు గంటలు, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. ఇక్కడి ఆమ్లంలో నోటి అమైలేజ్ పనిచేయదు. పెప్సిన్ పప్పులోని ప్రోటీన్లను తుంచడం మొదలుపెడుతుంది. లోపలి గోడకు జిగురు పూత ఉంటుంది కాబట్టి ఆమ్లం దాన్ని తినేయదు. ఆహారవాహికకు అంత రక్షణ లేదు. ఆమ్లం పైకి ఎగదన్నితే ఛాతీలో మంట అందుకే.

అరుగుదలంతా పొట్టలోనే జరుగుతుందని పిల్లలు పరీక్షల్లో రాస్తుంటారు. నన్నడిగితే యాత్ర మొత్తంలో చూడాల్సిన చోటు చిన్నపేగు. పొడవు సుమారు 6 మీటర్లు. కాలేయం తయారుచేసిన పైత్యరసం పిత్తాశయం నుంచి ఇక్కడికి వస్తుంది. జిడ్డు గిన్నెలో సబ్బు చేసే పనే నెయ్యి మీద చేసి, దాన్ని సన్నటి బిందువులుగా విడగొడుతుంది. క్లోమరసం ఆ నెయ్యినీ, మిగిలిన పిండినీ, ప్రోటీన్లనూ చిన్న ముక్కలు చేస్తుంది. పేగు గోడ ఎంజైములు పని పూర్తిచేస్తాయి. తువ్వాలు పోగుల్లాంటి ఆంత్రచూషకాలు ఆ సారాన్ని పీల్చుకుంటాయి.

పెద్దపేగు ఒకటిన్నర మీటరే అయినా అన్నిటికంటే ఎక్కువ బస ఇక్కడే. మిగిలిన నీటిని పీల్చడం దీని పని. సరుకు తొందరగా దాటిపోతే నీళ్ల విరేచనాలు, మరీ ఆగిపోతే మలబద్ధకం.

చివరికి పురీషనాళం, పాయువు. పాయువుకు రెండు కండరపు వలయాలు ఉంటాయి. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. పీరియడ్ అయ్యేదాకా ఆపుకోగలిగేది దానివల్లే.

ఇక మొక్కజొన్న. దాని పైతొక్కలోని సెల్యులోజ్‌ను అరిగించే ఎంజైము మన దగ్గర లేదు. అందుకే బయటికి వచ్చినప్పుడు గుర్తుపట్టొచ్చు. నాకు ఆదివారం సాయంత్రం ఏడింటికి కనిపించాయి, అంటే 30 గంటలు. నమిలినవి ఖాళీ తొక్కలుగా, నమలకుండా మింగినవి గింజలుగానే.