బీమా క్లెయిమ్ తిరస్కరిస్తే ఏది మేలు: అంబుడ్స్‌మనా, వినియోగదారుల కమిషనా?

క్లెయిమ్ తిరస్కరించారన్న ఉత్తరం పట్టుకుని వచ్చేవారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: బీమా తగాదాలు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాలా, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలా? ఖర్చు ఎక్కడ తక్కువ, తీర్పు ఎక్కడ త్వరగా వస్తుంది అన్న లెక్కలతోనే చాలామంది ఈ ప్రశ్న తేల్చేస్తారు. నా దృష్టిలో ముందు చూడవలసినవి రెండు. గడువు ఏ తేదీ నుంచి నడుస్తోంది, వివాదం కాగితాలు చదివితే తేలేదా లేక ఎవరినైనా సాక్ష్యం అడగవలసినదా?

అంబుడ్స్‌మన్ దగ్గర రుసుము లేదు, వకీలుకు ప్రవేశం లేదు. ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. కంపెనీ దాన్ని తిరస్కరించినా, సమాధానం తృప్తికరంగా లేకపోయినా, నెల రోజులు గడిచినా సమాధానం రాకపోయినా అక్కడి నుంచి ఏడాది లోపు ఫిర్యాదు చేయాలి. ప్రస్తుతం 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించవచ్చు. అయితే అది జరిగిన నష్టాన్ని మించకూడదు కనుక మనోవేదనకు వేరే పరిహారం ఆశించవద్దు. తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, పాలసీదారుకు మాత్రం ఆ నిర్బంధం లేదు.

వినియోగదారుల కమిషన్‌కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల గడువు ఉంది. వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి, అంటే మామూలుగా తిరస్కరణ లేఖ నుంచి అది నడుస్తుంది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. కంపెనీకి మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాస్తూ, పునఃపరిశీలిస్తున్నామన్న ఈమెయిళ్లు అందుకుంటూ ఉంటే గడువు ఆగి ఉంటుందని అనుకుంటారు. ఉత్తర ప్రత్యుత్తరాలు గడువును పొడిగించవు. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు కానీ, ‘కంపెనీ జవాబు కోసం ఎదురుచూశాను’ అనేది అంత బలమైన కారణం కాదు. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన నెలలను కూడా ఈ రెండేళ్లలోంచి తీసేస్తారన్న ధీమా పెట్టుకోకుండా, లేఖ అందిన నాడే రెండేళ్ల తేదీని లేఖ మీదే రాసుకోవడం మంచిది.

రుసుము భయం ఇక్కడ అనవసరం. కమిషన్ పరిధిని, రుసుమును కట్టిన ప్రతిఫలాన్ని బట్టి, అంటే ప్రీమియాన్ని బట్టి లెక్కిస్తారు తప్ప బీమా మొత్తాన్ని బట్టి కాదు. ప్రతిఫలం 5 లక్షల దాకా ఉంటే రుసుము లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు.

మరి రెండింటిలో ఏది ముందు? క్రమం తప్పితే దారి మూసుకుపోతుంది. అంబుడ్స్‌మన్ తీర్పు నచ్చకపోతే గడువు ఉన్నంతవరకు కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ కమిషన్‌లో ఫిర్యాదు పెండింగులో ఉన్నా, తేలిపోయినా అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ స్వీకరించడు. కాబట్టి గది అద్దె పరిమితి, అది దాటితే బిల్లులో పడే దామాషా కోత, పాలసీ మొదట్లో కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని నిరీక్షణ కాలం వంటి పాలసీ షరతుల వివాదమైతే నేను అంబుడ్స్‌మన్‌నే ముందు సూచిస్తాను. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అక్కడ రాజీ సిఫారసును పూర్తి పరిష్కారంగా ఒప్పుకుంటూ సంతకం చేస్తే తర్వాత కమిషన్ మెట్లెక్కడం కష్టం. సివిల్ కోర్టు, శాశ్వత లోక్ అదాలత్ కూడా ఉన్నాయి గానీ మామూలు ఆరోగ్య బీమా తగాదాకు వాటిని నేనుగా సూచించను. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల పోర్టల్ కంపెనీని కదిలించగలదే తప్ప తీర్పు చెప్పదు.

పాత జబ్బును దాచారన్న ఆరోపణ అయితే నా మొగ్గు స్పష్టంగా కమిషన్ వైపే. ఎందుకో నేను చూసిన ఒక కేసుతో చెబుతాను. పాలసీ 2020 జూన్‌లో తీసుకున్నారు, ఆసుపత్రిలో చేరింది 2022 జనవరిలో, బిల్లు 4,12,000 రూపాయలు. అయిదేళ్లుగా రక్తపోటు ఉన్నా ప్రపోజల్ ఫారంలో చెప్పలేదంటూ 2022 మార్చి 12న తిరస్కరణ లేఖ వచ్చింది. డిశ్చార్జి సమ్మరీలో ‘అయిదు సంవత్సరాలుగా రక్తపోటు’ అన్న ఒక్క వాక్యమే దానికి ఆధారం. పాలసీదారు ఆగస్టులో అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లారు. సమ్మరీలో ఉన్నది ఉన్నట్టు చదివి, 2023 జనవరిలో ఫిర్యాదు కొట్టేశారు. కాగితమే తప్పయినప్పుడు కాగితం చదివి చెప్పిన తీర్పు కూడా అలాగే ఉంటుంది.

అప్పటికి కమిషన్ గడువు 2024 మార్చి దాకా మిగిలి ఉంది. ముందుగా ఆసుపత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి కేస్ షీట్ మొత్తం తీసుకున్నాం. వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. వాటిని భద్రపరచవలసినది చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లే కనుక ఈ పనిలో ఆలస్యం కూడదు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ చేత్తో రాసిన మొదటి పేజీలో ‘హెచ్‌టీఎన్ 5/12’ అని ఉంది. డాక్టర్ల వాడుకలో హెచ్‌టీఎన్ అంటే రక్తపోటు, గీత కింద 12 వేస్తే నెలలని అర్థం, అంటే అయిదు నెలలు. సమ్మరీ టైపు చేసినవారు దాన్ని సంవత్సరాలు చేశారు. అయిదు నెలల క్రితం అంటే 2021 ఆగస్టు, పాలసీ తీసుకున్న ఏడాది తర్వాత.

ఆ పేజీతో పాటు, ఆ అంకెకు అర్థం వివరిస్తూ వైద్యం చేసిన డాక్టరు ఇచ్చిన అఫిడవిట్, రక్తపోటు మాత్రలు మొదటిసారి రాసిన 2021 ఆగస్టు నాటి చీటీ, పాలసీకి ముందు ఉద్యోగంలో చేసిన వైద్య పరీక్షల నివేదిక దాఖలు చేశాం. ఉత్త ధ్రువపత్రానికి, అఫిడవిట్‌కు తేడా ఉంది: అఫిడవిట్ ఇచ్చిన డాక్టరును కంపెనీ ప్రశ్నించవచ్చు, ప్రశ్నించకపోతే ఆ మాట నిలుస్తుంది. ఇక్కడ కంపెనీ ప్రశ్నించలేదు. దాచారని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి. పాలసీకి ముందు ఏ డాక్టరు దగ్గరైనా వైద్యం చేయించుకున్నట్టు ఒక్క చీటీ అయినా కంపెనీ చూపలేకపోయింది.

విచారణ మధ్యలో కంపెనీ కొత్త మాట ఎత్తింది: ఆసుపత్రిలో చేరిన సమాచారం ఆలస్యంగా ఇచ్చారని. తిరస్కరణ లేఖలో ఆ కారణం లేదు. లేఖలో చెప్పని కారణాన్ని తర్వాత వాదనలో తేలేరని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పిన తీర్పును ముందుంచాం. అందుకే తిరస్కరణ ఫోన్లో చెప్పి ఊరుకుంటే ఒప్పుకోకుండా, కారణం, పాలసీ షరతు సంఖ్య ఉన్న లేఖను ఈమెయిల్‌లో అడిగి తెప్పించుకోమని అందరికీ చెబుతాను. ఫిర్యాదు వేసిన పదహారు నెలలకు పూర్తి బిల్లు, వడ్డీ, ఖర్చుల కింద కొంత మొత్తం ఇవ్వాలని కమిషన్ ఆదేశించింది. పదహారు నెలలు తక్కువేమీ కాదు. అంబుడ్స్‌మన్ అయిదు నెలల్లో తేల్చేశాడు, కాకపోతే వ్యతిరేకంగా.