రెండేళ్లు నిలువు వీడియోలు తీశాక నా ఫోన్ కెమెరాపై సమీక్ష

పర్లాకిమిడిలో కొమ్ముతో పక్షులనూ దువ్వెనలనూ చెక్కే పనివారిని రెండేళ్లుగా ఈ ఫోన్‌తోనే నిలువుగా వీడియో తీస్తున్నాను. కొనేటప్పుడు చేతి వణుకును సర్దే స్థిరీకరణ ఎంత బాగుందనే ఒక్కటే చూశాను. కానీ నా తొలి వీడియోలను ఎక్కువగా పాడుచేసింది చేతి వణుకు కాదు, కెమెరా తనంతట తానే ఫోకస్‌నూ వెలుగునూ మార్చుకోవడం.

ఒక పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని నల్లని కొమ్ము కొంగకు మెరుగు పెడుతున్నారు. ఆయన తెల్లచొక్కా చెయ్యి చట్రంలోకి వచ్చినప్పుడల్లా చిత్రమంతా చీకటై కొంగ నల్లముద్దలా కనిపించేది. చెయ్యి పక్కకు పోగానే ఫోకస్ వెనుక గోడకు జారి, మళ్లీ వెతుక్కుంటూ ముందుకు వచ్చేది. రెండోసారి కొంగ మెడ మీద వేలు పెట్టి, తాళం గుర్తు పడేదాకా నొక్కి ఉంచాను. ఆ నొక్కుతో నా ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. తరువాత పక్కనున్న సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి జరిపి, మెరుగు మీది తెల్లని మెరుపులో కొమ్ము చారలు కనిపించేవరకు వెలుగు తగ్గించాను. ఆ తరువాత చెయ్యి ఎన్నిసార్లు అడ్డు వచ్చినా చిత్రం మారలేదు. అయితే లాక్ అయ్యేది వస్తువు కాదు, దూరం. ఆయన కొంగను నా వైపు ఎత్తి చూపగానే అది మసకబారింది. అందువల్ల ఎత్తి చూపే చోటే కొంగను ముందుగా ఆయనచేత పట్టించి లాక్ చేసి, ఆ భాగాన్ని వేరుగా తీశాను.

స్థిరీకరణ పగటి వెలుతురులో బాగా పనిచేస్తుంది, కాకపోతే అంచులను కొంత కోసివేస్తుంది కనుక ఒక అడుగు వెనక్కి నిలబడాలి. చీకటి గదిలో మాత్రం దాన్ని నమ్మలేను. వెలుతురు తక్కువైతే ఒక్కొక్క ఫ్రేమ్‌కు కెమెరా ఎక్కువసేపు వెలుగు తీసుకుంటుంది, ఆ లోపల చెయ్యి కదిలితే ఆ ఫ్రేమే అలుక్కుపోతుంది. సాఫ్ట్‌వేర్ ఫ్రేములను ఒకదానికొకటి సర్దగలదే గాని ఆ అలుకును తీయలేదు. కదలని గోడ ఉండి ఉండి మసకబారుతుంటే కారణం ఇదేనని తెలుసుకోవచ్చు. అప్పుడు పని కిటికీ దగ్గరికి జరపమని అడగడమే నేను కనుగొన్న మార్గం.

పట్టు విషయంలో నిలువు చట్రానికి ఒక చిక్కు ఉంది. వెడల్పు తక్కువ కాబట్టి పక్కలకు కొద్దిగా ఊగినా పెద్ద ఊపుగా కనిపిస్తుంది. రెండు చేతులతో ఫోన్ కింది సగాన్ని పట్టుకుని, మోచేతులను పక్కటెముకలకు ఆనించి, భుజాన్ని ద్వారబంధానికి చేర్చితే ఇరవై సెకన్లు నిశ్చలంగా తీయగలుగుతున్నాను. నడుస్తూ తీయవలసివస్తే ఈ ఫోన్ నాకు తృప్తినివ్వలేదు.

ఒక లోపం మాత్రం ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. లెన్స్ మార్చినా, పొరపాటున తెర తాకినా, ఫోన్ కాల్ వచ్చి కెమెరా మూసుకున్నా లాక్ ఊడిపోతుంది. అందుకే ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి, ప్రతి షాట్‌కు ముందు తాళం గుర్తు ఉందో లేదో చూసుకున్నాకే ఎర్ర బొత్తాం నొక్కుతున్నాను.