ఎసెమ్మెస్ ఓటీపీనా, ఆథెంటికేటర్ యాపా? నెంబర్ వేరేవాళ్ల చేతికి పోయిన రోజు ఏది నిలబడుద్ది

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు యాప్‌కే. అలాగని ఎసెమ్మెస్ ఓటీపీ దండగని కాదు, అసలు రెండో స్టెప్పే లేని అకౌంట్‌తో పోలిస్తే అది చాలా నయం. గూగుల్ వాళ్లు 2019లో లెక్కలు బయటపెట్టారు, రికవరీ నెంబర్‌కి ఎసెమ్మెస్ కోడ్ పంపితే ఆటోమేటిక్ బాట్‌లు 100 శాతం ఆగిపోయాయి, గుంపుగా అందరికీ వలేసే ఫిషింగ్ 96 శాతం ఆగింది, కానీ పనిగట్టుకుని ఒక్క మనిషినే టార్గెట్ చేసిన దాడులు మాత్రం 76 శాతమే ఆగాయి. ఆ మిగిలిన వాటి గురించే నా గోలంతా. మన నెంబరే లాక్కోవడం అనేది ఇలా పనిగట్టుకుని చేసేవాళ్ల పనే.

అసలు ఎసెమ్మెస్ కోడ్ ఎవరికి వెళ్తుందో చూడండి. మనకి వస్తుందనుకుంటాం, మన ఫోన్‌కి వస్తుందనుకుంటాం, రెండూ కాదు. వెబ్‌సైట్‌కి తెలిసింది నెంబర్ ఒక్కటే, ఆ నెంబర్ ఇప్పుడు ఏ సిమ్ మీద నడుస్తోందో చెప్పేది టెలికాం కంపెనీ డేటాబేస్. ఆ ఎంట్రీ మారిందంటే మెసేజ్‌లు కొత్త సిమ్‌కి పోతాయి, వెబ్‌సైట్‌కి తేడా కూడా తెలీదు. ఎంట్రీ మార్చడం హ్యాకింగేమీ కాదు, ఫోన్ పోయింది డూప్లికేట్ సిమ్ ఇవ్వండి అని రోజూ ఎంతమంది అడుగుతారో, అదే పని. వేరే కంపెనీకి పోర్ట్ చేయించినా ఫలితం అదే. అంటే మీ ఈమెయిల్, మీ డబ్బు, అన్నీ కస్టమర్ కేర్‌లో కూర్చున్న ఒక ఉద్యోగి "ఈ మాట్లాడేది అసలు ఓనరే" అని నమ్మడం మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ నమ్మకం ఎంత తేలిగ్గా కుదురుతుందో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్లు టెస్ట్ చేశారు, 2020లో బయటికొచ్చింది ఆ స్టడీ. అమెరికాలో 5 టెలికాం కంపెనీల్లో ఒక్కోదాంట్లో 10 చొప్పున ప్రీపెయిడ్ కనెక్షన్లు వాళ్లే తీసుకుని, తర్వాత దొంగ తెలుసుకోగలిగిన వివరాలతోనే ఫోన్ చేసి సిమ్ మార్చమని అడిగారు. 50లో 39 సార్లు మార్చేశారు! నాకు బాగా గుర్తుండిపోయింది ఏంటంటే అడిగిన ప్రశ్నలు. కొన్నిచోట్ల చివరిసారి ఎంత కట్టారని అడిగారు, మరి దొంగ తనే ఒక రీఛార్జ్ కార్డు కొని బాధితుడి నెంబర్‌కి వేసేస్తే ఆ జవాబు దొంగకే తెలుసు కదా. ఇంకొన్నిచోట్ల ఈమధ్య ఏ నెంబర్లకి కాల్ చేశారని అడిగారు, దానికీ మందుంది, ఒక మిస్డ్ కాల్ ఇస్తే మనమే తిరిగి చేస్తాం, ఆ నెంబర్ లిస్టులోకి ఎక్కేస్తుంది. పైగా పిన్ తప్పు చెప్పి ఫెయిలైనా ఇంకో ప్రశ్న అడిగి పని కానిచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి అందులో.

ఇప్పుడు ఒకే మనిషి, ఒకే మెయిల్ అకౌంట్, రెండు రకాలుగా ఊహించుకుందాం. మొదటిది ఎసెమ్మెస్ పెట్టుకున్న కేసు. రాత్రి అందరూ పడుకున్నాక సిమ్ మారింది, బాధితుడి ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోయి "No Service" అని వచ్చింది, వైఫై మాత్రం ఉంది కాబట్టి ఒకవేళ మెలకువగా ఉన్నా వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, అనుమానం రాదు. దొంగ మెయిల్ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ మర్చిపోయా అని నొక్కాడు, నెంబర్‌కి కోడ్ పంపమన్నాడు, కోడ్ తన చేతిలో ఉన్న సిమ్‌కి వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టేశాడు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే పాత పాస్‌వర్డ్ వాడికి తెలియాల్సిన పనే లేదు. రెండు ఫ్యాక్టర్లు అనుకున్నవి కాస్తా ఒక్కటైపోయాయి, ఆ ఒక్కటీ ఫోన్ నెంబరే. మెయిల్ చేతికొచ్చాక మిగతా అకౌంట్ల రీసెట్ లింకులన్నీ అందులోకే వస్తాయి, పొద్దున లేచేసరికి అన్నీ ఖాళీ.

రెండో కేసులో అదే మనిషి యాప్ పెట్టుకున్నాడు. సిమ్ అలాగే మారింది, సిగ్నల్ అలాగే పోయింది. దొంగ దగ్గర లీకైన పాస్‌వర్డ్ కూడా ఉందనుకుందాం, కొట్టాడు, పేజీ ఆథెంటికేటర్ యాప్‌లో ఉన్న 6 అంకెల కోడ్ అడిగింది. అక్కడితో వాడి కథ ఆగింది, ఎందుకంటే ఆ కోడ్ ఎవరూ ఎవరికీ పంపలేదు, గాల్లో ప్రయాణించనే లేదు, బాధితుడి ఫోన్ లోపలే పుట్టింది.

ఎలా పుడుతుందో తెలిస్తే ఇంకెవరూ చెప్పక్కర్లేదు. యాప్ సెటప్ చేసేటప్పుడు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌లో ఉండేది ఇంతే:

```
otpauth://totp/Mail:user@example.com?secret=GEZDGNBVGY3TQOJQGEZDGNBVGY3TQOJQ&issuer=Mail
```

ఎక్కడైనా ఫోన్ నెంబర్ కనిపించిందా? లేదు. అందులో `secret` అని ఉన్నదే అసలు సరుకు, అది ఒక కాపీ వెబ్‌సైట్ దగ్గర, ఒక కాపీ మీ యాప్‌లో. 1970 జనవరి 1 నుంచి ఇప్పటిదాకా ఎన్ని సెకన్లు గడిచాయో తీసుకుని 30తో భాగించి, శేషం వదిలేసి, ఆ వచ్చిన సంఖ్యనీ ఈ సీక్రెట్‌నీ కలిపి హ్యాష్ చేసి 6 అంకెలు తీస్తారు. ఇది ఆర్‌ఎఫ్‌సీ 6238 అని 2011లో వచ్చిన స్టాండర్డ్, గూగుల్ ఆథెంటికేటరైనా ఇంకో యాపైనా లెక్క ఒకటే, అందుకే ఏ యాప్‌తో స్కాన్ చేసినా పనిచేస్తుంది. పైన ఇచ్చిన సీక్రెట్ ఆ స్టాండర్డ్‌లో టెస్ట్ కోసం పెట్టిందే, ఓపిక ఉంటే కంప్యూటర్‌లో oathtool వేసుకుని చూడండి:

```
oathtool --totp -b --now "1970-01-01 00:00:59 UTC" GEZDGNBVGY3TQOJQGEZDGNBVGY3TQOJQ
```

287082 వస్తుంది. ఎవరు ఎక్కడ కొట్టినా అదే. సిమ్ తీసేసి ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా యాప్ కోడ్‌లు ఇస్తూనే ఉండేది ఇందుకే. ఒకవేళ కోడ్ కొట్టిన ప్రతిసారీ తప్పు అంటోందంటే దాదాపు ఎప్పుడూ ఫోన్ టైమ్ తేడానే, ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేస్తే సరిపోతుంది, చాలా సైట్లు ఒక 30 సెకన్లు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటాయి.

ఇంతవరకు యాప్‌దే పైచేయి, కానీ చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. యాప్ పెట్టుకుని, పాత నెంబర్ అలాగే అకౌంట్‌లో వదిలేస్తారు. అప్పుడు దొంగకి యాప్ కోడ్ అడిగిన పేజీలోనే కింద "Try another way" అని ఉంటుంది, నొక్కితే నెంబర్‌కి కోడ్ పంపమంటారా అని సైటే మర్యాదగా అడుగుతుంది. అకౌంట్ సేఫ్టీ అనేది అందులోకి వెళ్లే దారుల్లో అన్నిటికంటే వీక్‌గా ఉన్నదాన్ని బట్టే ఉంటుంది, యాప్ ఒకటి యాడ్ చేసినంత మాత్రాన ఎసెమ్మెస్ దారి మూసుకోదు, అది మనం మూయాలి.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా స్టాక్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ. 2024 జనవరి 9న వాళ్ల ఎక్స్ అకౌంట్‌లో బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకి పర్మిషన్ ఇచ్చేశామని పోస్ట్ పడింది, బిట్‌కాయిన్ ధర ఎగిరింది, తీరా చూస్తే అది దొంగ పోస్ట్ (అసలు పర్మిషన్ మర్నాడు వచ్చింది, అది వేరే సంగతి). తర్వాత వాళ్లే చెప్పారు, అకౌంట్‌కి లింకైన నెంబర్‌ని సిమ్ స్వాప్‌తో లాక్కుని పాస్‌వర్డ్ రీసెట్ చేశారని, పైగా లాగిన్ అవ్వడానికి ఇబ్బందిగా ఉందని 2023 జులైలో రెండో స్టెప్ తీయించేసి మళ్లీ పెట్టలేదని. యాప్ కోడ్ ఒకటి అడ్డం ఉండి ఉంటే ఒక్క నెంబర్‌తో ఆ పని అయ్యేది కాదు.

కాబట్టి యాప్ సెట్ చేశాక అకౌంట్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌కి వెళ్లి రెండు చోట్ల చూడాలి. ఒకటి, రెండో స్టెప్ పద్ధతుల లిస్టులో ఎసెమ్మెస్ ఇంకా ఉంటే తీసేయాలి. రెండోది, ఇదే ఎక్కువమంది వదిలేస్తారు, పాస్‌వర్డ్ రికవరీకి ఇచ్చిన నెంబర్, ఇది వేరే పేజీలో దాక్కుని ఉంటుంది. చెక్ చేయడం తేలికే, ప్రైవేట్ విండో తెరిచి మీ అకౌంట్‌కే పాస్‌వర్డ్ మర్చిపోయా అని కొట్టి, మీ నెంబర్ చివరి రెండంకెలు చూపించి అక్కడికి కోడ్ పంపమంటారా అని అడుగుతుందేమో చూడండి. అడిగితే దారి తెరిచే ఉంది.

సరే, యాప్‌కి మైనస్ లేదా అంటే ఉంది, అది చిన్నది కాదు. ఫోన్ పోయిందా, ఎసెమ్మెస్ అయితే డూప్లికేట్ సిమ్ తీసుకుంటే మీ జీవితం మళ్లీ మొదలు, అంటే దొంగకి ఉపయోగపడే ఆ సదుపాయమే మనకీ ఉపయోగం. యాప్‌లో అయితే సీక్రెట్ ఫోన్‌తో పాటే పోతుంది, బ్యాకప్ లేకపోతే మీ అకౌంట్‌కి మీరే బయటివాళ్లు. అందుకే సెటప్ అప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, ఎసెమ్మెస్ తీసేసేది ఆ తర్వాతే, ముందు కాదు. యాప్‌లోనే క్లౌడ్ సింక్ ఉంటే సుఖమే కానీ, ఆ క్లౌడ్ అకౌంట్ మళ్లీ ఎసెమ్మెస్‌తో రీసెట్ అయ్యేదైతే మొత్తం తిరిగి నెంబర్ దగ్గరికే వచ్చినట్టు, ఆ అకౌంట్‌కి పైన చెప్పిన చెకింగ్ ముందు చేయండి.

ఇంకోటి, ఫిషింగ్ విషయంలో రెండూ దొందూ దొందే. అచ్చం అసలు సైట్‌లా ఉన్న పేజీలో మీరే కోడ్ కొడితే, అది మెసేజ్‌లో వచ్చిందైనా యాప్‌లో కనిపించిందైనా అవతలివాడు ఆ సెకన్లలోనే అసలు సైట్‌లో వాడేస్తాడు. దానికి మందు పాస్‌కీలు, సెక్యూరిటీ కీలు, అవి సైట్ అడ్రస్ కూడా చూసుకుంటాయి. నెంబర్ లాక్కునే దొంగ నుంచి కాపాడటం వరకే నేను యాప్‌కి ఓటేస్తోంది.

ఎసెమ్మెస్ తప్ప వేరే ఆప్షనే ఇవ్వని చోట్ల ఏం చేయాలంటే, మీ టెలికాం కంపెనీలో సిమ్ లాక్, పోర్ట్ లాక్, అకౌంట్ పిన్ లాంటివి ఉన్నాయేమో అడిగి పెట్టించుకోండి, పైన చూసినట్టు అది గ్యారంటీ కాదు కానీ దొంగకి పని పెంచుతుంది. పక్కనున్నవాళ్లందరికీ సిగ్నల్ ఉండి మీకొక్కరికే లేకపోతే, రీస్టార్ట్ చేసినా రాకపోతే, లేదా మీరు అడగని సిమ్ మార్పు మెసేజ్ వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంకో ఫోన్ నుంచి కంపెనీకి కాల్ చేసి నెంబర్ బ్లాక్ చేయించండి, ఆ లైన్‌లో వెయిట్ చేస్తున్నప్పుడే వైఫై మీద, ఇంకా లాగిన్ అయి ఉన్న మీ మెయిల్‌లోకి వెళ్లి రికవరీ నెంబర్ తీసేసి, మిగతా డివైజ్‌లన్నీ సైన్ అవుట్ కొట్టండి. మెయిల్ అయ్యాకే బ్యాంకు, ఎందుకంటే ఆ రీసెట్ లింకులు వచ్చేది మెయిల్‌కే.